ఒక్కో విద్యార్థికి బడి పెట్టే ఖర్చు: సగటు వెనుక ఉన్న సెక్షన్ లెక్క

ప్రైవేటు పాఠశాల ఏడాది ఖర్చును విద్యార్థుల సంఖ్యతో భాగిస్తే తలసరి ఖర్చు వస్తుంది. ఇంత తేలికైన భాగహారం మీద యాజమాన్య సమావేశాల్లో గంటల తరబడి వాదనలు నడుస్తాయంటే, భాగహారం ఎవరికీ రాక కాదు. లవంలో ఏ ఖర్చులు చేర్చారు, హారంలో ఎవరెవరిని లెక్కపెట్టారు అన్న విషయంలో ఒక్కొక్కరి మనసులో ఒక్కో లెక్క ఉంటుంది. పైగా వచ్చిన అంకెను ఫీజు నిర్ణయానికి, కొత్త సెక్షన్ తెరవాలా వద్దా అన్న నిర్ణయానికి, రాయితీల లెక్కకు ఒకేలా వాడేస్తారు. ఈ మూడింటిలో ఏ ఒక్కదానికీ ఆ సగటు సరిగ్గా సరిపోదు. ఎందుకు సరిపోదో ఒక ఊహాత్మక పాఠశాల లెక్కను మొదటి నుంచి చివరి దాకా చేసి చూస్తే తేలుతుంది. అంకెలు నేను కల్పించినవే కనుక వాటిని ఏ దేశపు డబ్బుగానైనా అనుకోవచ్చు. చూడవలసింది వాటి మధ్య ఉన్న సంబంధాన్ని.

ఆ బడిలో ఒకటి నుంచి పది దాకా తరగతులు, తరగతికి రెండు సెక్షన్లు, మొత్తం 20 సెక్షన్లు ఉన్నాయి. ఒక సెక్షన్‌లో 32 మందికి మించి కూర్చోబెట్టరు కాబట్టి సీట్లు 640, చదువుతున్నవారు 560. ఐదో తరగతి వరకు, అంటే ప్రాథమిక విభాగంలో 300 మంది, ఆరు నుంచి పది వరకు 260 మంది. ఏడాదికి బోధన మీద 180 లక్షలు, కార్యాలయ నిర్వహణ మీద 54 లక్షలు, భవనం, వసతుల మీద 102 లక్షలు ఖర్చవుతుంది. మొత్తం 336 లక్షలను 560తో భాగిస్తే తలకు 60,000. ఇందులో బోధన వాటా 32,143, కార్యాలయం వాటా 9,643, వసతుల వాటా 18,214.

బస్సులు, హాస్టల్, భోజనం, యూనిఫాం ఖర్చులను ఈ లెక్కలోకి రానివ్వలేదు. వాటిని వాడుకునేవారు వేరు, వాటికి వసూలు చేసే రుసుము వేరు. బస్సు ఎక్కని పిల్లవాడి తలసరి ఖర్చులో డ్రైవరు జీతం కలిస్తే ఆ అంకెతో మరో బడిని పోల్చడం కుదరదు. ఆ పద్దులకు విడి ఖాతా ఉంటే చాలు. చాలా బడుల్లో మాత్రం బస్సుల మరమ్మతులు ‘నిర్వహణ’ అనే పద్దులోకి చేరిపోయి భవనం మరమ్మతులతో కలిసిపోతాయి, ఆ తర్వాత వాటిని విడదీయడం ఎవరి తరమూ కాదు.

హారం విషయానికొస్తే, 560 అన్నది ఏ రోజు లెక్క? ఏడాది మొదట్లో 580 మంది చేరి, చివరికి 540 మంది మిగిలారనుకుందాం. మధ్యలో తగ్గుదల ఇంచుమించు సమానంగా జరిగితే ఏడాది సగటు 560. ప్రవేశాల రోజు సంఖ్యను పట్టుకుంటే తలసరి ఖర్చు 57,931గా, ఏడాది చివరి సంఖ్యను పట్టుకుంటే 62,222గా కనిపిస్తుంది. ఒకే బడి, ఒకే ఖర్చు అయినా తేడా 4,000 దాటుతోంది. నెలనెలా హాజరుపట్టీలో ఉన్న పేర్లను లెక్కించి సగటు తీయడమే సరైన పద్ధతి. ఫీజు కట్టేవారి సంఖ్యను హారంగా తీసుకోవడం పూర్తిగా వేరే లెక్క, దాని సంగతి చివర్లో చూద్దాం.

ఇక అసలు విషయం బోధన ఖర్చు. బోధన ఖర్చు పిల్లల సంఖ్యను బట్టి పెరుగుతుందని చాలామంది అనుకుంటారు, కానీ అది సెక్షన్ల సంఖ్యను బట్టి పెరుగుతుంది. టైంటేబుల్‌లో పిల్లల పేర్లు ఉండవు, సెక్షన్లు ఉంటాయి. గదిలో 22 మంది ఉన్నా 32 మంది ఉన్నా ఆ పీరియడ్‌కు ఒక ఉపాధ్యాయురాలు వెళ్లాల్సిందే. కాబట్టి లెక్క పిల్లల తలల దగ్గర కాక పీరియడ్ల దగ్గర మొదలుపెట్టాలి.

మన బడిలో ప్రాథమిక సెక్షన్‌కు వారానికి 36 పీరియడ్లు. అక్కడి ఉపాధ్యాయులు వారానికి 30 పీరియడ్లు చెబుతారు. పది సెక్షన్లకు 360 పీరియడ్లు, అంటే 12 మంది ఉపాధ్యాయులు కావాలి. పై తరగతుల్లో సెక్షన్‌కు 40 పీరియడ్లు. ఆ తరగతుల టైంటేబుల్‌ను ఒకసారి దగ్గరగా చూడండి. బుధవారం మూడో పీరియడ్‌లో ఎనిమిదో తరగతి ‘ఎ’ సెక్షన్ ఎదురుగా ఒకే గడిలో ఇద్దరి పేర్లు రాసి ఉంటాయి. ఐచ్ఛిక భాషకు సెక్షన్ రెండుగా చీలుతుంది, సగం మంది ఒక గదికి, సగం మంది ఇంకో గదికి వెళతారు. ప్రయోగశాల పీరియడ్‌లోనూ అంతే. పిల్లలకు అది ఒక పీరియడే అయినా బడికి రెండు పీరియడ్ల జీతం. ఇలాంటి చీలికలు సెక్షన్‌కు వారానికి ఐదు ఉంటే బడి నడపాల్సినవి 40 కాదు, 45. పది సెక్షన్లకు 450 పీరియడ్లు. పై తరగతుల ఉపాధ్యాయులు వారానికి 25 పీరియడ్లు చెబుతారు కనుక 18 మంది కావాలి. టైంటేబుల్‌లోని గడులను లెక్కపెట్టి, అందులోని పేర్లను లెక్కపెట్టకపోవడం ఈ లెక్కలో నాకు తరచుగా కనిపించే పొరపాటు.

ఉపాధ్యాయుడి ఖర్చు అంటే చేతికందే జీతం కాదు. యాజమాన్యం తన వంతుగా కట్టే భవిష్యనిధి, బీమా వంటి మొత్తాలు, సెలవు పెట్టినప్పుడు బదులుగా వచ్చేవారికి ఇచ్చేది, శిక్షణ, నియామకానికయ్యే ఖర్చు అన్నీ కలుస్తాయి. అవన్నీ కలిపి ప్రాథమిక ఉపాధ్యాయుడికి ఏడాదికి 5 లక్షలు, పై తరగతుల ఉపాధ్యాయుడికి 6 లక్షలు అనుకుందాం. అప్పుడు జీతాల ఖర్చు 60 లక్షలు, 108 లక్షలు. పుస్తకాలు, ప్రయోగశాల సామగ్రి, పరీక్ష పత్రాల వంటివి 12 లక్షలు. అన్నీ కలిపితే ముందు చెప్పిన 180 లక్షలు వస్తాయి.

ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ అయిన ఓఈసీడీలోని దేశాల విద్యా వ్యయాన్ని పోల్చేటప్పుడు, ఒక్కో విద్యార్థిపై పడే ఉపాధ్యాయ జీతభారాన్ని నాలుగు అంశాలుగా విడదీస్తారు: ఉపాధ్యాయుడి జీతం, విద్యార్థి పాఠం వినే సమయం, ఉపాధ్యాయుడు పాఠం చెప్పే సమయం, తరగతి పరిమాణం. మొదటి రెండూ పెరిగితే భారం పెరుగుతుంది, చివరి రెండూ పెరిగితే తగ్గుతుంది. మన బడికి ఆ సూత్రం ఇలా పనిచేస్తుంది:

```
జీతం × సెక్షన్ పీరియడ్లు ÷ ఉపాధ్యాయుడి పీరియడ్లు ÷ సెక్షన్‌లో పిల్లలు
ప్రాథమిక:      5,00,000 × 36 ÷ 30 ÷ 30 = 20,000
పై తరగతులు:   6,00,000 × 45 ÷ 25 ÷ 26 = 41,538
```

పై తరగతుల్లో జీతం 20 శాతమే ఎక్కువ, కానీ విద్యార్థిపై పడే భారం రెట్టింపు దాటింది. జీతం తేడా కన్నా మిగిలిన మూడు అంశాలే ఇందుకు ఎక్కువ కారణం: చీలిన పీరియడ్లు, తక్కువ బోధన పని, చిన్న సెక్షన్లు. ఈ సూత్రం చేతిలో ఉంటే ప్రతి నిర్ణయానికీ ధర కట్టవచ్చు. పై తరగతుల ఉపాధ్యాయులకు జవాబు పత్రాలు దిద్దే సమయం కోసం వారానికి ఒక పీరియడ్ తగ్గించి 24 చేస్తే విద్యార్థికి 1,731 అదనపు ఖర్చు పడుతుంది. సెక్షన్‌లో సగటున ఒక్కరు పెరిగి 26 కాస్తా 27 అయితే 1,538 తగ్గుతుంది. ఒకదాన్ని ఇంకొకదానితో ఇంచుమించు సరిపెట్టవచ్చు, సరిపెట్టాలా వద్దా అన్నది బడి విధానం.

సూత్రం చెప్పిన 30 మంది ఉపాధ్యాయులతోనే ఏ బడీ నడవదు. సంగీతం చెప్పేవారికి వారానికి 14 పీరియడ్లే దొరకవచ్చు, మిగిలిన పీరియడ్లలో వారి చేత గణితం చెప్పించలేం. జీతాల పట్టికలో 33 మంది ఉండి, సూత్రం 30 మందే చాలంటే, ఆ ముగ్గురి తేడా ఎక్కడ ఉందో విషయం వారీగా వెతకాలి. ఉపప్రధానోపాధ్యాయురాలు వారానికి 10 పీరియడ్లు చెబుతూ ఉంటే ఆమె జీతంలో అంత భాగమే బోధనలోకి రావాలి, మిగిలింది కార్యాలయంలోకి పోవాలి. ఒక బడి ఆమె జీతం మొత్తాన్ని బోధనలో, మరో బడి మొత్తాన్ని కార్యాలయంలో చూపితే, మొదటి బడి చదువు మీద ఎక్కువ ఖర్చు పెడుతున్నట్టూ రెండోది కార్యాలయ భారంతో కుంగుతున్నట్టూ కనిపిస్తుంది. నిజానికి రెండింటి మధ్య తేడా ఏమీ ఉండకపోవచ్చు.

కార్యాలయ ఖర్చు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ప్రధానోపాధ్యాయుడు, ఖాతాల గుమస్తా, ఆడిట్, ప్రవేశాల విభాగం, సాఫ్ట్‌వేర్, బీమా వంటివి 500 మందికైనా 600 మందికైనా దాదాపు అంతే ఉంటాయి. జాగ్రత్త పడాల్సింది ఒక్కచోటే. ఒకే యాజమాన్యం కింద అనేక శాఖలుంటే కేంద్ర కార్యాలయం ఖర్చును ఒక్కో శాఖ మీద దాని ఫీజు రాబడిలో ఇంత శాతమని వేస్తారు. అప్పుడు ఫీజు పెంచగానే ఆ శాఖ ‘ఖర్చు’ కూడా పెరుగుతుంది, పెరిగిన ఖర్చును చూపించి మళ్లీ ఫీజు పెంచవచ్చు. కేంద్ర కార్యాలయం ఆ శాఖకు చేసే పని మాత్రం వీసమైనా మారదు. ఈ చక్రాన్ని తెంచాలంటే వాటాను రాబడిని బట్టి కాక విద్యార్థుల సంఖ్యను బట్టో, జీతాల పట్టికలో ఉన్న పేర్ల సంఖ్యను బట్టో వేయాలి.

వసతుల ఖర్చులో మాత్రం రెండు బడులు ఒకేలా ఉండి కూడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా చూపించవచ్చు. మన బడి 102 లక్షల్లో 42 లక్షలు కరెంటు, నీళ్లు, శుభ్రత, కాపలా, చిన్న మరమ్మతులకు పోతాయి. మిగిలిన 60 లక్షలు భవనాన్ని వాడుకున్నందుకు. అద్దె భవనమైతే ఆ 60 లక్షలు నెలనెలా కట్టే అద్దెగా ఖాతాలో స్పష్టంగా కనిపిస్తుంది. సొంత భవనమై, అప్పు కూడా ఎప్పుడో తీరిపోయి ఉంటే నగదు పుస్తకంలో ఏమీ కనిపించదు. అప్పుడు మొత్తం ఖర్చు 276 లక్షలకు, తలసరి ఖర్చు 49,286కు దిగుతుంది. పిల్లలు అంతే, పాఠాలు అవే, గదులు అవే, తలకు 10,714 మాత్రం మాయమైపోయింది.

భవనాన్ని లెక్కలోకి తేవడానికి తరుగుదల ఒక దారి. భవనం కట్టడానికి 10 కోట్లు అయి అది 40 ఏళ్లు పనికొస్తుందనుకుంటే ఏడాదికి 25 లక్షలు. బల్లలు, పరికరాలు 80 లక్షలవి పదేళ్లు వస్తాయనుకుంటే 8 లక్షలు. మొత్తం 33 లక్షలు. ఆడిట్ ఖాతాలకు ఇది సరిపోతుంది. కానీ ఈ లెక్కలో డబ్బుకు ధర లేదు. 10 కోట్లు భవనంలో ఇరుక్కుని ఉన్నన్నాళ్లూ అది మరోచోట సంపాదించగలిగేది ఆ బడి వదులుకుంటోంది. ధరల పెరుగుదలను పక్కనపెట్టి నికరంగా 4 శాతం వడ్డీ అనుకుని, అసలూ వడ్డీ కలిపి 40 సమాన వాయిదాల్లో తీరేలా లెక్కిస్తే భవనానికి ఏడాదికి సుమారు 50.5 లక్షలు, పదేళ్ల వాయిదాల్లో పరికరాలకు సుమారు 9.9 లక్షలు వస్తాయి. రెండూ కలిపి 60 లక్షలు దాటుతాయి. విద్యా ఖర్చులను లెక్కించే ఆర్థికవేత్తలు భవనాల విషయంలో ఈ పద్ధతినే ఇష్టపడతారు, ఎందుకంటే ఇది అద్దె భవనాన్నీ సొంత భవనాన్నీ ఒకే కొలబద్దతో కొలుస్తుంది. 4 శాతం అన్నది ఊహే కనుక ఏ శాతం వాడారో లెక్క పక్కన రాసిపెట్టాలి. స్థలం అరిగిపోదు కాబట్టి దానికి తరుగుదల ఉండదు, వడ్డీ భాగం మాత్రమే వేయాలి. పై లెక్కలో స్థలాన్ని నేను కలపలేదు.

ఇప్పుడు ఖర్చును రెండు విభాగాలకు పంచుదాం. బోధన ఎక్కడిదక్కడే పడుతుంది: సామగ్రితో కలిపి ప్రాథమిక విభాగానికి 64 లక్షలు, పై తరగతులకు 116 లక్షలు. కార్యాలయ ఖర్చును తలల లెక్కన పంచవచ్చు. వసతులను మాత్రం తలల లెక్కన కాక వాడుకునే జాగాను బట్టి పంచాలి. ప్రయోగశాలలన్నీ పై తరగతులవే కాబట్టి వారి వాటా 60 శాతం అనుకుందాం. అప్పుడు ప్రాథమిక విద్యార్థికి 21,333, 9,643, 13,600 కలిపి 44,576. పై తరగతి విద్యార్థికి 44,615, 9,643, 23,538 కలిపి 77,796. మనం మొదట్లో వేసిన 60,000 ఏ విద్యార్థి ఖర్చూ కాదన్నమాట. రెండు విభాగాలకూ ఒకే ఫీజు పెడితే చిన్నపిల్లల తల్లిదండ్రులు పెద్దపిల్లల చదువుకు తమకు తెలియకుండానే చందా ఇస్తున్నారు. అది తప్పేమీ కాదు, ఆ పిల్లలే రేపు పై తరగతులకు వెళతారు. ఐదో తరగతి తర్వాత బడి మారేవారు ఎక్కువగా ఉంటే మాత్రం ఆ సమర్థన నిలవదు.

సగటుకూ అదనపు విద్యార్థి ఖర్చుకూ ఉన్న దూరం ఇంకా పెద్దది. ఏడో తరగతి సెక్షన్‌లో 25 మంది ఉండగా 26వ అమ్మాయి చేరితే బడికి కొత్తగా అయ్యేది పుస్తకాలు, పరీక్ష పత్రాలు, ప్రయోగశాల సరుకు వంటివే, మహా అయితే 3,000. ఉపాధ్యాయులు, గదులు, గుమస్తా, అందరూ ముందే ఉన్నారు. ఇందుకు తలకిందులుగా, ఆరో తరగతి రెండు సెక్షన్లూ 32 చొప్పున నిండి ఉండగా 65వ పిల్లవాడు వస్తే మూడో సెక్షన్ తెరవాలి. దానికి 45 పీరియడ్లు, అంటే 1.8 ఉపాధ్యాయులు, 10.8 లక్షలు. ఖాళీ గది ఉందనుకున్నా సరే, ఆరుగురే కొత్తగా చేరితే ఒక్కొక్కరి మీద జీతాల భారమే 1.8 లక్షలు. ఫీజు 60,000 అయి అందులో 3,000 విడి ఖర్చులకు పోతే, ఆ సెక్షన్ తన జీతాలను తానే మోయాలంటే 19 మంది కొత్త పిల్లలు కావాలి. అందుకే 65 నుంచి 82 దాకా ఉన్న సంఖ్యలు బడికి ఇబ్బందికరమైనవి. వాటికన్నా 64 దగ్గర ఆగిపోవడం మేలు.

ఇదే మెట్టు కిందికి దిగేటప్పుడు మరింత మోసం చేస్తుంది. పిల్లలు 560 నుంచి 520కి తగ్గారు, కానీ అన్ని తరగతుల్లోనూ కొద్దికొద్దిగా తగ్గడం వల్ల సెక్షన్లు 20గానే ఉండిపోయాయనుకుందాం. ఖర్చు తగ్గేది 40 మంది విడి ఖర్చులు, అంటే 1.2 లక్షలు మాత్రమే. తలసరి ఖర్చు 60,000 నుంచి 64,385కు ఎగబాకుతుంది. ఈ పెరుగుదలను చూసి ‘ఖర్చులు అదుపు తప్పాయి’ అని జీతాల పెంపు ఆపేసిన యాజమాన్యాన్ని నేను చూశాను. అదుపు తప్పిన పద్దు అక్కడ ఒక్కటి కూడా లేదు. తేడా పట్టుకోవడానికి రెండు అంకెలు పక్కపక్కన పెడితే చాలు: తలసరి ఖర్చు, సెక్షన్‌కు అయ్యే ఖర్చు. మొదటిది 7 శాతం పెరిగి, రెండోది 16.8 లక్షల దగ్గరే దాదాపు కదలకుండా ఉంటే సమస్య ఖర్చుల్లో కాదు, ఖాళీ సీట్లలో ఉంది.

రాయితీల లెక్కకు కూడా ఇదే వర్తిస్తుంది. మన బడిలో 56 మంది ఉచితంగా చదువుతున్నారనుకుంటే ఖర్చును మోసేది 504 మంది, వారి తలకు 66,667 పడాలి. ఈ అంకె ఫీజు నిర్ణయించడానికి పనికొస్తుంది కానీ ఇది తలసరి ఖర్చు కాదు. ఉచితంగా చదివే పిల్లల మీద కూడా బడి అంతే ఖర్చు పెడుతోంది. వార్షిక నివేదికలో ఆ 56 మందికి 60,000 చొప్పున 33.6 లక్షల సాయం చేశామని రాసుకోవడమూ అంతే తొందరపాటు. బడిలో 80 సీట్లు ఖాళీగా ఉన్నాయి. ఆ 56 మంది రాకపోయినా సెక్షన్లు 20గానే ఉండేట్టయితే, వారి కోసం బడి అదనంగా పెట్టింది 1.68 లక్షలే. అదే పిల్లలు ఆరో తరగతిలో 65వ సీటు దగ్గర చేరి మూడో సెక్షన్ తెరిపించి ఉంటే, లెక్కలోకి మళ్లీ ఆ 10.8 లక్షలు వచ్చి చేరతాయి.